సికిల్ సెల్ బిడ్డకు ఆరు నెలల వరకు నొప్పులు ఎందుకు రావు?

"పుట్టినప్పుడు బాగానే ఉన్నాడు సిస్టర్, ఆరో నెల దాటాక చేతులు, పాదాలు వాచి ఒకటే ఏడుపు" అని సికిల్ సెల్ వ్యాధి ఉన్న పిల్లల తల్లులు చెబుతుంటారు. కొందరు దిష్టి అనుకుంటారు. కారణం రక్తంలో ఉంది.

కడుపులోని బిడ్డ తల్లి రక్తం నుండే ఆక్సిజన్ లాక్కోవాలి. అందుకే దాని ఎర్రకణాల్లో ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకునే పిండ హీమోగ్లోబిన్ ఉంటుంది. పుట్టాక బిడ్డ తానే గాలి పీలుస్తుంది. ఇక ఆక్సిజన్‌ను శరీరానికి తేలికగా వదిలే రకం కావాలి. అందుకని మెల్లగా పెద్దల హీమోగ్లోబిన్ తయారవుతుంది. ఆరు నెలలకు ఈ మార్పు చాలావరకు జరిగిపోతుంది.

సికిల్ లోపం ఉన్నది ఈ పెద్దల రకంలోనే. అది ఆక్సిజన్ వదలగానే పోగులుగా అతుక్కుని కణాన్ని కొడవలిలా వంచుతుంది. వంగిన కణాలు సన్నని రక్తనాళాల్లో అడ్డుపడితే నొప్పి. పిండ హీమోగ్లోబిన్ కలిసి ఉంటే పోగులు సరిగా కట్టవు.

హైడ్రాక్సీయూరియా ఆగిపోయిన ఆ పిండ హీమోగ్లోబిన్ తయారీని మళ్ళీ కొంత పెంచుతుంది. 1995లో అమెరికాలో వెలువడిన పరిశోధనలో పెద్దవారికి నొప్పులు దాదాపు సగానికి తగ్గాయి. అయితే గుణం కనబడడానికి నెలలు పడుతుంది. నెలకే "పనిచేయలేదు" అని మానేస్తే ఏమి లాభం? మానితే పిండ హీమోగ్లోబిన్ మళ్ళీ తగ్గిపోతుంది.

ఈ మందు ఎముక మూలుగపై పనిచేస్తుంది కనుక తెల్లకణాలు తగ్గవచ్చు. డాక్టరుగారు చెప్పిన తేదీకి రక్తపరీక్ష తప్పించకండి. జ్వరం వస్తే తెల్లవారేదాకా ఆగక వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.