గీతల్లేని పట్టికలో నిలువు దారులు

పాత తెలుగు పుస్తకాల చివరి పేజీల్లో ప్రచురణకర్తల జాబితాలు ఉంటాయి కదా: పుస్తకం పేరు, రచయిత, వెల. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు రాకముందువైతే వెల కింద రూపాయలు, అణాలు, పైసలు విడివిడిగా ఉంటాయి. చాలాసార్లు మధ్యలో ఒక్క గీత కూడా ఉండదు, ఖాళీ జాగా తప్ప. ఆ ఖాళీని ప్రోగ్రాం గుర్తించకపోతే ‘1 8 0’, అంటే రూపాయిన్నర, 180గా మారి డేటాబేస్‌లోకి ఎక్కుతుంది.

మరి ఆ ఖాళీని ఎలా పట్టుకోవాలి? ‘వెడల్పైన ఖాళీ ఉంటే అది కాలమ్’ అనుకోవడం అందరికీ మొదట తట్టే ఆలోచన. కానీ అణాలకీ పైసలకీ మధ్య ఖాళీ, మామూలుగా రెండు పదాల మధ్య ఉండే ఖాళీ కంటే పెద్ద ఎక్కువేం కాదు. కాబట్టి వెడల్పు కాదు, ఆ ఖాళీ ఎన్ని వరుసల్లో అదే చోట నిలబడిందన్నదే సాక్ష్యం. పదాల మధ్య ఖాళీ ఒక్కో వరుసలో ఒక్కో చోట పడుతుంది. కాలమ్ ఖాళీ పై నుంచి కింది దాకా ఒకే దారిలో దిగుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అంగుళానికి 300 చుక్కలతో స్కాన్ చేసిన పేజీ, 24 వరుసలు, వరుసకి 60 పిక్సెళ్లు. ముందు బొమ్మని నలుపు–తెలుపుగా మార్చి, వరుసల హద్దులు కనుక్కోవాలి. తెలుగులో ఇక్కడే ఒక చిక్కుంది: వత్తులు అక్షరానికి కింద విడిగా ఉంటాయి కాబట్టి అవే ఓ సన్నని వరుసలా కనిపించొచ్చు. మిగతా వాటికంటే బాగా పొట్టిగా ఉన్న వరుసని పై వరుసలో కలిపేయాలి. తర్వాత, ప్రతి నిలువు స్థానంలో ఎన్ని వరుసలకి సిరా ఉందో లెక్కపెడతాం:

```python
cover = np.zeros(W, int)
for top, bottom in rows:
    cover += page[top:bottom].any(axis=0)
gap = cover <= 0.05 * len(rows)
```

సున్నా అని కాకుండా 5 శాతం ఎందుకంటే, ఒక్క పొడుగాటి పేరు చాలు మొత్తం దారిని మూసేయడానికి. 24 వరుసల్లో 5 శాతం అంటే 1.2, అంటే ఒక్క వరుస అడ్డొచ్చినా పర్వాలేదు. మన పేజీలో పుస్తకాల పేర్లు చాలావరకు 820 దగ్గర ఆగుతాయి, రచయితల పేర్లు 900 దగ్గర మొదలవుతాయి. రెండు పేర్లు మాత్రం పొడుగు: ఒకటి 850 దాకా, ఇంకోటి 880 దాకా వెళ్లాయి. 820–850 మధ్య రెండు వరుసల సిరా ఉంది కాబట్టి అది పోయింది. 850–900 మిగిలింది.

ఇప్పుడు ఎక్కడ కోయాలి? సరిగ్గా మధ్యలో, 875 దగ్గర కోస్తే 880 దాకా ఉన్న పేరు తోక తెగి రచయిత ఖాతాలో పడుతుంది. ఖాళీకి రెండు అంచులుంటాయి: ఎడమ అంచు ఎగుడుదిగుడు, కుడి అంచు మాత్రం ప్రతి వరుసలోనూ 900 దగ్గరే. కదలని అంచు పక్కనే, అంటే 895 దగ్గర కోయాలి. అంకెలు కుడివైపుకి సర్ది ఉంటాయి కాబట్టి అక్కడ లెక్క తిరగబడుతుంది. రూపాయల కుడి అంచు కదలదు, అణాల ఎడమ అంచు ‘8’కీ ‘12’కీ మారుతుంది. అక్కడ రూపాయల అంచు పక్కనే కోయాలి. రెండు అంచులూ కదిలే ఖాళీ కనిపిస్తే అది యాదృచ్ఛికమేమోనని అనుమానించండి. నాలుగైదు వరుసల చిన్న పట్టికల్లో ఇలాంటివి తరచూ వస్తాయి, వరుసలు పెరిగేకొద్దీ మాయమవుతాయి.

ఈ పద్ధతిని దెబ్బతీసేవి ముఖ్యంగా రెండు. మొదటిది వంకర. పేజీ ఒక్క డిగ్రీ వాలితే 1440 పిక్సెళ్ల ఎత్తులో 25 పిక్సెళ్లు పక్కకి జరుగుతుంది. పైసల ముందున్న 25 పిక్సెళ్ల దారి అంతటితో మూసుకుపోతుంది. అందుకే వంకర తీయడం మొదటి పని.

రెండోది పేరుకీ వెలకీ మధ్య నింపే చుక్కల వరుస. అవి ఖాళీని సిరాగా మార్చేస్తాయి. చిన్న మచ్చలన్నీ తీసేస్తే సరి. దాంతోపాటు విడిగా ఉన్న కొన్ని తలకట్లూ పోతాయి కదా అంటారేమో. పోనివ్వండి, వాటి కింద అక్షరం ఉంది కాబట్టి నిలువు లెక్క దాదాపు మారదు. ఓసీఆర్‌కి మాత్రం అసలు బొమ్మనే ఇవ్వాలి.

పేరు రెండో వరుసకి జారితే ఖాళీ జాగాలు ఆ సంగతి చెప్పలేవు. వెల లేని వరుసని పై దానికి కలపాలా, లేక అది ‘నవలలు’ లాంటి ఉపశీర్షికా అన్నది కంటితో చూసి తేల్చుకోవాల్సిందే.

కాలమ్‌లు సరిగ్గా తెగాయో లేదో తెలుసుకోవడానికి ఆ పాత నాణేలే సాయం చేస్తాయి. రూపాయికి 16 అణాలు, అణాకి 12 పైసలు. అణాల కాలమ్‌లో 15 దాటినా, పైసల కాలమ్‌లో 11 దాటినా కోత తప్పయి ఉండొచ్చు, లేదా ఓసీఆర్ అంకెని తప్పు చదివి ఉండొచ్చు. ఆ వరుసని తెరిచి చూడండి.