బారసాల అయ్యాక రాసే రెండు ఉత్తరాలు

బారసాలకు వచ్చినవాళ్లకీ, వంట చేసి పెట్టినవాళ్లకీ ఒకే సందేశం పంపేయడం మనలో చాలామందికి అలవాటు. కానీ ఈ రెండూ వేరు వేరు ఉత్తరాలు. మన గుడి హాల్లో 80 మందితో ఒక పాప బారసాల జరిగిందనుకుందాం. పాప పేరు హృద్య.

తండ్రి పళ్లెంలో బియ్యం మీద ఉంగరంతో పేరు రాసి పాప చెవిలో మూడుసార్లు చెప్పినప్పుడు అది ముందు వరసకే వినిపిస్తుంది. వెనకున్న సగం మంది 'విద్య' అనుకుని ఇంటికి వెళ్తారు. అందుకే అతిథులకు రాసే ఉత్తరంలో మొదట ఉండాల్సింది పేరు. తెలుగులోనూ, బర్త్ సర్టిఫికెట్‌లో ఉన్న ఇంగ్లీషు స్పెల్లింగులోనూ రాయండి. ఋకారాన్ని మనవాళ్లు 'రు' అనీ, ఉత్తరాదివాళ్లు 'రి' అనీ రాస్తారు కాబట్టి, రేపు పుట్టినరోజు కేకు మీద తేడా రాకుండా ఉంటుంది.

తర్వాత వరస చూసుకోవాలి. స్నేహితులకు 'ధన్యవాదాలు' బాగానే ఉంటుంది. మేనత్తకు అదే మాట రాస్తే "నేను పరాయిదాన్నా?" అంటుంది, అనాలి కూడా. ఆవిడకు ఇలా రాయొచ్చు:

"అత్తయ్యకు నమస్కారాలు. మీరు రెండు గంటలు కారులో వచ్చి ఉయ్యాల పాట పాడినందుకు మాకు చాలా సంతోషమైంది. మీరిచ్చిన వెండి ఉగ్గుగిన్నెను హృద్య అన్నప్రాశనకు తీస్తాం. ఆ రోజు మీరు, మావయ్య తప్పకుండా రావాలి."

ఇందులో కృతజ్ఞత అనే మాటే లేదు, అయినా ఏ లోటూ లేదు. ఇచ్చిన వస్తువు పేరు చెబితే అది ఎవరిదో మీకు గుర్తుందని తెలుస్తుంది. దీనికోసం బహుమతులు విప్పేటప్పుడే పక్కన ఒకరు కూర్చుని రాసుకోవాలి. మర్నాటికి కవర్లు కలిసిపోతాయి.

కేటరింగ్ చేసినావిడకు "వంటలు అద్భుతం" అంటే ముచ్చటే గానీ, ఆవిడకు పనికొచ్చేది లెక్క. బాకీ ముందు కట్టేసి, ఆ తర్వాతే రాయండి:

"అక్కా, నమస్తే. పులిహోర మొత్తం అయిపోయింది, పూర్ణాలు ఆఖరి పంక్తికి సరిగ్గా సరిపోయాయి. దద్దోజనం ఒక ట్రే మిగిలింది, ఇంకోసారి తగ్గించొచ్చు. వేరుశెనగ పడని బాబు కోసం పులిహోర విడిగా, మూత మీద రాసి పంపారు. వాళ్లమ్మ నిశ్చింతగా భోంచేసింది. మీ నంబరు గుడి గ్రూపులో పెట్టమంటారా?"

చివరి ప్రశ్న మర్యాద కోసం మాత్రమే కాదు. ఇంట్లో వండేవాళ్లు కొందరు తెలిసినవాళ్లకే చేస్తారు, నంబరు అందరికీ వెళ్తే ఇబ్బంది పడతారు. సాంబారులో ఉప్పెక్కువైతే ఆ సంగతి ఫోనులో చెప్పండి, ఉత్తరంలో వద్దు. ఈ కాగితాన్ని ఆవిడ రేపు ఇంకొకరికి చూపించుకోవచ్చు.

రెండూ వారం లోపల వెళ్లిపోతే మంచిది. పసిబిడ్డ ఉన్న ఇల్లు కాబట్టి, తల్లి మీద వేయకుండా తండ్రో, తాతగారో రాయొచ్చు.