నలభై బస్తాలు 7.41 ఎలా అయ్యాయి?



మన సంఘం దాళ్వా నివేదికలో వరి దిగుబడి 7.41 అని చూసి కొందరు సభ్యులు ఆఫీసుకొచ్చి గట్టిగానే అడిగారు. ఎకరాకు ముప్పై క్వింటాళ్లు పండితే ఏడని రాస్తారా అని. ధాన్యం ఎక్కడికీ పోలేదండీ, కొలత మారిందంతే. ఏళ్ల తరబడి ఈ పద్దులు రాస్తూ తెలుసుకున్నవి చెబుతాను.

1. మన గోదావరి డెల్టాలో బస్తా అంటే 75 కిలోలు. నలభై బస్తాలంటే 3,000 కిలోలు, అంటే 30 క్వింటాళ్లు, అంటే 3 టన్నులు. ఇది ఎకరా పంట. హెక్టారులో 2.471 ఎకరాలుంటాయి కాబట్టి 3ని దానితో గుణిస్తే హెక్టారుకు 7.41 టన్నులు, నివేదికలో రాసింది అదే. మీ నలభై బస్తాలే అవి.

2. గట్టు మీద నోటి లెక్కకైతే క్వింటాళ్లను నాలుగుతో భాగించండి. 30కి ఏడున్నర వస్తుంది, అసలుకన్నా నూటికి ఒకటి పైచిలుకు ఎక్కువ. పద్దులో మాత్రం 0.2471తోనే గుణిస్తాం.

3. అసలు తిరకాసు సగటు దగ్గరుంది. ఒకాయన ఒక్క ఎకరంలో 36 క్వింటాళ్లు తీశాడు. పక్కాయన ఐదెకరాల్లో ఎకరాకు 24 చొప్పున తీశాడు. 36, 24 కలిపి సగం చేస్తే 30, అంటే 7.41. కానీ ఇద్దరి ధాన్యం కలిపితే 156 క్వింటాళ్లు, నేల ఆరెకరాలు. ఎకరాకు 26 మాత్రమే పడింది, అంటే హెక్టారుకు 6.42 టన్నులు. అందుకే మీ దగ్గర ఎకరాకెంత అని మాత్రమే కాకుండా, మొత్తం ధాన్యం, మొత్తం నేల రెండూ అడుగుతాం. కౌలు చేను కలిపి చెప్పారో లేదో కూడా చూసుకోండి, తేడా ఎక్కువగా అక్కడే వస్తుంది.

4. తేమ మాట మరవకండి. మిషన్ కోసిన పచ్చి ధాన్యం 22 శాతం తేమతో 30 క్వింటాళ్లు తూగిందనుకుందాం. అదే ధాన్యం 17 శాతానికి ఆరితే 28.2కి దిగుతుంది. హెక్టారు లెక్కలో 7.41 కాస్తా 6.97. ఒకరిది కళ్లంలో తూకం, ఇంకొకరిది ఆరబెట్టాక తూకం అయితే ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి ఎవరి చేను మేలో తేల్చలేం.

5. సర్కారు పట్టికలో వరి దిగుబడి తక్కువగా కనిపిస్తే అది ధాన్యమా, బియ్యమా చూడండి. క్వింటా ధాన్యానికి 67 కిలోల చొప్పున వేసుకుంటే 7.41 టన్నుల ధాన్యం 4.96 టన్నుల బియ్యం అవుతుంది.

ఈసారి తూకం చీటీలో తేమ శాతం, సర్వే నంబరు, విస్తీర్ణం మూడూ రాయించి తెండి. తేమ రాయని చీటీని సగటులో కలపం, విడిగా చూపిస్తాం.

ఇట్లు,
కార్యదర్శి