కోడంబాక్కం హాస్టల్‌కు ప్రకటన రాసే పని

సీఏ చదువుకో, డబ్బింగ్, ఎడిటింగ్ లాంటి సినిమా పనికో నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి చెన్నై వెళ్లేవాళ్లు కోడంబాక్కంలో గది వెతుకుతుంటారు. అక్కడ ఇంట్లోనే హాస్టల్ నడిపే యజమానులు చాలామంది ‘రూమ్స్ ఉన్నాయి’ అని ఒక ఫోన్ నంబరు పెట్టి ఊరుకుంటారు. ఫోన్ కెమెరా, తెలుగు, కాస్త తమిళం ఉన్న విద్యార్థికి ఇక్కడ పార్ట్‌టైమ్ పని దొరుకుతుంది.

ఆడపిల్లల హాస్టలైతే ముందు లైసెన్స్ అడగండి. తమిళనాడులో 2014 చట్టం ప్రకారం లేడీస్ హాస్టల్‌కు కలెక్టర్ లైసెన్స్ తప్పనిసరి. అది చూపించలేని యజమాని దగ్గర నేనైతే పని ఒప్పుకోను. ఉంటే ఆ నంబరు ప్రకటనలో వేయండి, తల్లిదండ్రులు ముందు చూసేది అదే.

ఫొటోలు పగలు, కిటికీ తెరిచి, గుమ్మంలో నిలబడి ఛాతీ ఎత్తు నుంచి తీయాలి. వైడ్ యాంగిల్ వాడితే ఇరుకు గది హాలులా కనిపిస్తుంది. దాన్ని నమ్మి వచ్చిన అమ్మాయి గడప దగ్గరే వెనక్కి తిరుగుతుంది. మంచాలన్నీ ఒకే ఫొటోలో పడాలి, అప్పుడే మధ్యలో నడిచే జాగా ఎంతో తెలుస్తుంది. బీరువా తలుపు తీసి ఒకటి, బాత్‌రూమ్ ఒకటి తీయండి. గదిలో ఉంటున్నవాళ్ల సామాను, ముఖాలు పడకూడదు.

అద్దె దగ్గరే ఎక్కువ గొడవలు వస్తాయి. ఉదాహరణకు ముగ్గురుండే ఏసీ గదిలో ఒక మంచానికి భోజనంతో నెలకు 7,500 అనుకుందాం. అడ్వాన్స్ 10,000, ఖాళీ చేసేటప్పుడు అందులో 1,500 మెయింటెనెన్స్ కింద పోతుంది. ఏసీ కరెంటు విడిగా, సబ్ మీటర్ రీడింగ్ మీద. ‘7,500 మాత్రమే’ అని రాస్తే చేరే రోజున మాట తేడా వస్తుంది. ఇలా రాయండి: ‘చేరే రోజు కట్టవలసింది 17,500. ఖాళీ చేసినప్పుడు తిరిగిచ్చేది 8,500. నెలకు 120 యూనిట్లు కాలితే, యూనిట్ 10 రూపాయల చొప్పున ఒక్కొక్కరికి 400.’ యూనిట్ రేటు యజమాని నోటితో చెప్పించుకుని, ఆయనకు చదివి వినిపించాకే పోస్టు చేయండి.

నియమాల్లో ‘క్రమశిక్షణ పాటించాలి’ లాంటి మాటలు పనికిరావు. గేటు ఎన్నింటికి మూస్తారు? రాత్రి షిఫ్టు ఉన్నవాళ్లు ఆఫీసు లెటరిస్తే తీస్తారా? అమ్మానాన్నలు వస్తే ఎక్కడ కూర్చోవాలి? ఖాళీ చేయడానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలి, చెప్పకపోతే అడ్వాన్స్‌లో ఎంత పట్టుకుంటారు? స్టూడియో పనికి వెళ్లేవాళ్లకు గేటు టైమే అన్నిటికన్నా ముఖ్యం, దాన్ని అద్దె పక్కనే పెట్టండి.

‘స్టేషన్ దగ్గరే’ అనకుండా, కోడంబాక్కం రైల్వేస్టేషన్ నుంచి మీరే నడిచి చూసి ఎన్ని నిమిషాలో రాయండి. మంచం నిండిన రోజే ప్రకటన తీసేసేలా యజమానితో ముందే ఒప్పందం చేసుకోండి.