చూపించని లెక్కకు సాక్షి ఎవరు?

పోయిన నెల మా అక్క ఎమ్మెస్సీ ప్రాజెక్టు రిపోర్టు టైపు చేస్తుంటే పక్కన కూర్చున్నాను. మాది హోసూరు. అమ్మ తెలుగు, నాన్న తమిళం, రిపోర్టేమో ఇంగ్లీషు. అక్క పని మొలకెత్తిన రాగుల మీద. వాటిలో పిండిని చక్కెరగా మార్చే ఎమైలేజ్ అనే ఎంజైమ్ ఎంత చురుకుగా ఉందో కొలిచింది. వాళ్ల గైడు మేడమ్ రెండు వాక్యాల కింద ఎర్రగీత గీసి పంపారు.

మొదటి వాక్యం: "ఆమ్లత్వం కొంచెం మారినా ఎంజైమ్ పనిలో తేడా రాలేదు (డేటా చూపలేదు)." రెండోది: "తెల్ల రాగుల్లో ఈ ఎంజైమ్ తక్కువ (ప్రచురణ కాని ఫలితం)."

బ్రాకెట్లో రాసింది కదా, ఇంకేం తప్పు అనుకున్నా. తప్పు రెండింట్లోనూ ఉంది, కానీ ఒకే తప్పు కాదు.

మొదటిది అక్క తానే చేసిన ప్రయోగం. "డేటా చూపలేదు" అంటే నా దగ్గర అంకెలున్నాయి, ఇక్కడ వెయ్యలేదు అని అర్థం. చదివేవాళ్లకు నమ్మడం తప్ప వేరే దారి లేదు. వెనకటికి పత్రికల్లో చోటు తక్కువ కాబట్టి ఈ మాట చెల్లింది. ఇప్పుడు అదనపు పట్టికలు విడిగా పెట్టే వీలుంది, అందుకే చాలా పత్రికలు ఒప్పుకోవు. అంకెలు చూపించు, లేదా వాక్యం తీసెయ్యి అంటాయి. అక్క నోటుబుక్కు తీసింది. మూడేసి సార్లు తీసిన రీడింగులు ఉన్నాయి. చిన్న పట్టిక చేసి అనుబంధంలో పెట్టింది. ఆ వాక్యం బతికింది.

రెండోదే చిక్కు. ఆ కొలత అక్కది కాదు, ల్యాబు వదిలి వెళ్లిపోయిన ఒక సీనియరుది. వాక్యంలో ఆమె పేరే లేదు. పేరు పెట్టేస్తే సరిపోతుందా? దీనికి జవాబు నాకు డి.ఎన్.ఎ. కథలో దొరికింది.

1953 ఏప్రిల్ 25న నేచర్ పత్రికలో వాట్సన్, క్రిక్ డి.ఎన్.ఎ. నిర్మాణం మీద తమ చిన్న వ్యాసం వేశారు. అంతకు ముందు జనవరిలో, లండన్ కింగ్స్ కాలేజీలో రోజలిండ్ ఫ్రాంక్లిన్ దగ్గర పనిచేసిన గోస్లింగ్ తీసిన ఎక్స్‌రే ఫోటోను విల్కిన్స్ ఆమెను అడక్కుండా వాట్సన్‌కు చూపించాడు. తర్వాత ఆమె కొలతలున్న ఒక ల్యాబు నివేదిక పెరుట్జ్ ద్వారా క్రిక్‌కు చేరింది. అందులోని సౌష్ఠవం చూసే రెండు పోగులు ఎదురెదురు దిశల్లో నడుస్తాయని క్రిక్ గ్రహించాడు.

వ్యాసం చివర కృతజ్ఞతల్లో ఫ్రాంక్లిన్ పేరు ఉంది. విల్కిన్స్, ఫ్రాంక్లిన్, వాళ్ల తోటివాళ్ల ప్రచురణ కాని ఫలితాలు, ఆలోచనలు స్థూలంగా తెలియడం తమకు ఊతమిచ్చిందని అర్థం వచ్చేలా రాశారు. ఏ కొలత? ఎవరు తీశారు? ఎలా చేరింది? అదేం లేదు. ఆ వివరాలు లేకుండా ఇదే పని ఇంచుమించు అసాధ్యమయ్యేదని వాళ్లిద్దరే 1954 నాటి పెద్ద వ్యాసంలో ఒప్పుకున్నారు. అంటే పేరు ఉన్నా పని కనపడకపోవచ్చు.

కాబట్టి వేరేవాళ్ల ప్రచురణ కాని ఫలితం వాడితే నాలుగు సంగతులు కావాలి: ఎవరిది, ఏం కొలిచారు, ఎప్పుడు చెప్పారు, రాసుకోడానికి ఒప్పుకున్నారా. ఒప్పుకోలు నోటిమాటగా కాక రాతలో ఉండాలి. ఇవి వాక్యం పక్కనే బ్రాకెట్లో వస్తాయి, ఒప్పుకోలు కాగితం మన దగ్గర ఉంటుంది. చివరి గ్రంథాల జాబితాలోకి మామూలుగా ఇవి వెళ్లవు, ఎందుకంటే చదివేవాళ్లు వెతికి తెచ్చుకోగలిగే కాగితం ఏదీ లేదు.

అక్క ఆ సీనియరుకు మెయిలు పెట్టింది. జవాబులో ఒప్పుకోలుతో పాటు ఇంకో సంగతి వచ్చింది: "అది ఒక్కసారే చేశానే. తక్కువ అని ఖాయంగా రాయొద్దు."

అడక్కపోయుంటే ఒక్క రీడింగు సిద్ధాంతమై కూర్చునేది! అనుమతి అడగడం మర్యాద కోసమే అనుకున్నా ఇన్నాళ్లు. నిజానికి ఆ ఫలితానికి ఎంత బలముందో తెలిసేది అక్కడే.

చివరికి అక్క వాక్యం ఇలా మారింది: "తెల్ల రాగుల్లో ఒకే ఒక్క ప్రయత్నంలో ఎంజైమ్ తక్కువగా కనిపించింది (సీనియరు పూర్తి పేరు, స్వయంగా తెలిపినది, మెయిలు తేదీ)." రిపోర్టు ముగింపులో మాత్రం తెల్ల రాగుల మాట తీసేసింది. చూపించలేని అంకె మీద ముగింపు నిలబడకూడదని మేడమ్ అన్నారట. ఈసారి ఎర్రగీత పడలేదు.