ఫారం 16 ఒక్కటే చాలదు

2024 జూలైలో ఒక ఆదివారం మా ఆవిడ రిటర్ను వేయడానికి కూర్చున్నాం. ఆమె ఉపాధ్యాయురాలు. ఫారం 16 చేతిలో ఉంది, జీతం మీద కట్టాల్సిన పన్ను మొత్తం అప్పటికే కోసేశారు. "ఇంకేముందండీ, ఆ అంకెలు ఎక్కించి పంపేయండి" అంది.

నేను ముందు ఏఐఎస్ తెరిచాను. మన పాన్ మీద ఏడాది పొడవునా నమోదైన ఆదాయాల చిట్టా అది. incometax.gov.in లో లాగిన్ అయితే కనిపిస్తుంది. అందులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ 60,000 రూపాయలు, దానిపై టీడీఎస్ 6,000 ఉన్నాయి. ఫారం 16లో ఈ వడ్డీ ఊసే లేదు. ఆమె స్కూల్లో చెప్పలేదు కాబట్టి వారికి తెలిసే వీలు లేదు.

"ఆ డిపాజిట్ ఇంకా మెచ్యూర్ కాలేదు. పైగా టీడీఎస్ కోశారు కదా, మళ్లీ పన్నేమిటి?" అని అడిగింది. కౌంటర్లో మనం తరచూ వినే ప్రశ్నే ఇది.

లెక్క ఇలా ఉంది

వడ్డీ చేతికి రాకపోయినా, బ్యాంకు ఏటా దాన్ని ఖాతాకు జమకట్టి టీడీఎస్ కోస్తుంది. అందుకే ఆ ఏటి వడ్డీని ఆ ఏడే చూపడం మంచిది. మెచ్యూరిటీ వరకు ఆగితే అన్నేళ్ల వడ్డీ ఒకేసారి మీద పడుతుంది. ఇక టీడీఎస్ 10 శాతమే. ఆమె 20 శాతం శ్లాబులో ఉంది. 60,000పై పన్ను 12,000, సెస్సు 480, మొత్తం 12,480. టీడీఎస్ 6,000 పోగా ఇంకా 6,480 కట్టాలి. ఈ-పే ట్యాక్స్‌లో 'సెల్ఫ్ అసెస్‌మెంట్ ట్యాక్స్' కింద కట్టి, చలానా వివరాలు రిటర్నులో చూపాం.

కోసిన పన్ను మన పేరున జమ అయిందో లేదో ఫారం 26ఏఎస్‌లో చూసుకోవాలి. ఏఐఎస్‌లో మనది కాని అంకె కనిపిస్తే అక్కడే 'ఫీడ్‌బ్యాక్' ఇవ్వవచ్చు.

గడువులు

ఫారం 16 జూన్ 15 నాటికి అందాలి. జీతగాళ్లకు రిటర్ను గడువు మామూలుగా జూలై 31. అది దాటితే డిసెంబర్ 31 వరకు వేయవచ్చు గానీ, ఆలస్య రుసుము 5,000. ఆదాయం 5 లక్షలు మించకపోతే 1,000. పైగా పాత పన్ను విధానం ఎంచుకునే వీలుండదు. గడువులోపు వేసిన రిటర్నులో వడ్డీ మరిచిపోయినట్టు తరువాత తెలిస్తే, సవరించిన రిటర్ను వేయవచ్చు.

చివరి మెట్టు

'సబ్మిట్' నొక్కగానే మా ఆవిడ లేవబోయింది. ఆగమన్నాను. ఆధార్ ఓటీపీతోనో మరో పద్ధతిలోనో వెరిఫై చేస్తేనే రిటర్ను చెల్లుతుంది. దానికి 30 రోజులే గడువు. అది దాటాక వెరిఫై చేస్తే, చేసిన రోజే రిటర్ను వేసినట్టు లెక్క. అంటే జూలైలో పంపినా ఆలస్య రుసుము తప్పదు. ఓటీపీ కొట్టి, రసీదు దాచుకున్నాకే లేచాం.