ఇంటి నుంచి క్లినిక్ బిల్లింగ్: పోర్టు తెరవకుండా దారి

సందేహాలు - సమాధానాలు

అయ్యా, గూడూరులో చిన్న క్లినిక్ నడుపుతున్నాను. పక్కనే మా మందుల షాపు. రిసెప్షన్‌లో ఒక కంప్యూటర్, షాపులో ఒకటి, నా గదిలో ఒకటి ఉన్నాయి. బిల్లింగ్ డేటా అంతా రిసెప్షన్ కంప్యూటర్లో ఉంటుంది, మిగతా రెండూ దాన్నుంచే తీసుకుంటాయి. మా ఇల్లు నెల్లూరులో. రాత్రి ఇంటికి వెళ్లాక ఆ రోజు కలెక్షన్, షాపు స్టాకు చూసుకుందామని పోయినేడు ఒక కుర్రాడితో ఏర్పాటు చేయించుకున్నాను. రౌటర్‌లో ఏదో నంబరు కొట్టి రిసెప్షన్ కంప్యూటర్‌కు రిమోట్ డెస్క్‌టాప్ పెట్టిచ్చాడు. పని జరుగుతోంది గానీ, నేను లాగిన్ అయితే రిసెప్షన్‌లో అమ్మాయి స్క్రీను మూసుకుపోతోంది. ఈ నెల నుంచి ఇంకో తంటా. ఆ అమ్మాయి సరైన పాస్‌వర్డే కొట్టినా అకౌంట్ లాక్ అయిందని వస్తుంది, పది నిమిషాలు ఆగితే మళ్లీ తెరుచుకుంటుంది. మా ఆడిటరు కూడా తనకో లాగిన్ ఇమ్మంటున్నాడు. పేషెంట్ల వివరాలన్నీ అందులోనే ఉన్నాయి. దీన్ని భద్రంగా ఉండేలా మీరు చేసిపెట్టగలరా? ఏం చేస్తారో ముందుగా చెబితే బాగుంటుంది.
- ఒక డాక్టరు, గూడూరు

డాక్టరు గారూ, చేసిపెడతాను. కానీ దానికంటే ముందు ఈ రోజే మీరు చేయించాల్సిన పని ఒకటుంది. ఆ అకౌంట్ లాక్ కావడం మీ అమ్మాయి పొరపాటు కాదు. బయటివాళ్లెవరో మీ కంప్యూటర్ పాస్‌వర్డ్ ఊహించి కొడుతున్నారనడానికి అది గుర్తు. కొత్త విండోస్‌లో పదిసార్లు తప్పు పాస్‌వర్డ్ పడితే ఆ అకౌంట్ పది నిమిషాలు మూతపడేలా ముందే అమర్చి ఉంటుంది. మీరు రాసిన పది నిమిషాల లెక్క దానికి సరిగ్గా సరిపోతోంది.

రూఢి చేసుకోవడం తేలిక. రిసెప్షన్ కంప్యూటర్లో `Event Viewer` తెరిచి, `Windows Logs` కింద `Security`లో 4625 నంబరు ఉన్న వరుసలు చూడండి. విఫలమైన ప్రతి లాగిన్‌కూ అక్కడ ఒక వరుస పడుతుంది. ఒక్కోదాన్ని తెరిస్తే `Account Name` దగ్గర ఏ పేరు కొట్టారో, `Source Network Address` దగ్గర ఎక్కడి నుంచి వచ్చారో కనిపిస్తుంది. `administrator`, `admin`, `user`, `test`, `reception` లాంటి పేర్లు క్షణాల తేడాతో, అర్ధరాత్రి కూడా వరుసగా ఉన్నాయంటే అది మనిషి చేతి పని కాదు. ఇంటర్నెట్ అంతా గాలించే ప్రోగ్రాములు అలా చేస్తుంటాయి. మీ అకౌంట్ పేరు `admin` లాంటిదే అయి ఉంటుంది, అందుకే లాక్ పడుతోంది.

ఆ తర్వాత 4624 వరుసలు కూడా చూడాలి, అవి లోపలికి వెళ్లగలిగిన లాగిన్లు. అందులో `Logon Type` 10 అని ఉండి, మీది కాని చిరునామా నుంచి ఒక్కటి కనిపించినా విషయం వేరు. అప్పుడు నెట్ కేబుల్ పీకేయండి, వైఫై ఆపండి, కంప్యూటర్‌ను ఫార్మాట్ మాత్రం చేయించకండి. ఆధారాలన్నీ అందులోనే ఉంటాయి. 1930కి ఫోన్ చేయండి, నాకూ చేయండి. ఇలాంటి చొరబాటు తెలిసిన ఆరు గంటల్లోగా సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలన్న నిబంధన 2022 నుంచి ఉంది.

అలాంటిదేమీ లేకపోతే రౌటర్‌లో `Port Forwarding` పేజీకి వెళ్లండి. కొన్ని రౌటర్లలో దీన్నే `Virtual Server` అంటారు. అక్కడ 3389 అని ఉన్న వరుస తీసేయించండి. ఆ కుర్రాడు రౌటర్‌లో కొట్టిన నంబరు అదే అయి ఉండాలి. రిమోట్ డెస్క్‌టాప్ వినేది ఆ పోర్టు మీదే. `UPnP` అని ఉంటే దాన్నీ ఆపేయించండి, లేకపోతే లోపలి ప్రోగ్రాములు అడగకుండానే మళ్లీ పోర్టులు తెరుచుకోగలవు.

పోర్టు నంబరు మార్చి గట్టి పాస్‌వర్డ్ పెడితే చాలదా అని చాలామంది అడుగుతారు. చాలదు. గాలించేవాళ్లు 3389 ఒక్కటే చూడరు, అన్ని పోర్టులూ తడుముతారు. ఇక పాస్‌వర్డ్ సంగతి. 2019 మే నెలలో బ్లూకీప్ అనే లోపం బయటపడింది. పాత విండోస్‌లలోని రిమోట్ డెస్క్‌టాప్‌లోకి పాస్‌వర్డ్ అవసరమే లేకుండా చొరబడే వీలు అందులో ఉండేది. అప్పటికే మద్దతు ఆపేసిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ సవరణ విడుదల చేయాల్సి వచ్చింది. ఎంత గట్టి పాస్‌వర్డ్ పెట్టుకున్నవాళ్లకూ ఆ రోజు రక్షణ లేదు. అందుకని నేను అడిగే మొదటి ప్రశ్న పాస్‌వర్డ్ ఎంత గట్టిదని కాదు, మీ కంప్యూటర్ బయటి ప్రపంచానికి కనపడుతోందా లేదా అని.

ఇప్పుడు కొత్త ఏర్పాటు. మీరు రాసినదాంట్లోనే పరిష్కారం సగం ఉంది. మీ గదిలో కంప్యూటర్ ఉంది, బిల్లింగ్ అందులోనూ తెరుచుకుంటుంది, మీరు ఇంటికి వెళ్లాక అది ఖాళీగా ఉంటుంది. మీరు వెళ్లాల్సింది దాంట్లోకి. మామూలు విండోస్ ఒకేసారి ఒక్కరినే పనిచేయనిస్తుంది, అందుకే మీరు రిసెప్షన్ కంప్యూటర్లోకి రాగానే అక్కడి స్క్రీను మూసుకుంటోంది. మీ గది కంప్యూటర్లోకి వెళితే కౌంటర్ దగ్గర పేషెంట్లు నిలబడే పని ఉండదు. డేటా ఉన్న రిసెప్షన్ కంప్యూటర్‌కు బయటి నుంచి దారి అసలే ఉండదు. ఒక్కటి చూడాలి. మీ గది కంప్యూటర్లో విండోస్ ప్రో ఉండాలి, హోమ్ అయితే బయటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌కు ఒప్పుకోదు. విండోస్ 10 అయితే 2025 అక్టోబరు 14తో మద్దతు ముగిసింది గనుక 11కి మార్చుకుందాం.

నెల్లూరులోని మీ ల్యాప్‌టాప్‌కూ, గది కంప్యూటర్‌కూ మధ్య ప్రైవేటు దారి వేస్తాను. దానికి టెయిల్‌స్కేల్ వాడతాను, లోపల వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పద్ధతి ఉంటుంది. రెండు యంత్రాలూ లోపలి నుంచి బయటికి కనెక్షన్ తెచ్చుకుని ఒకదాన్నొకటి కలుసుకుంటాయి, కాబట్టి రౌటర్‌లో ఏ పోర్టూ తెరవక్కర్లేదు. ఇంకో లాభం కూడా ఉంది. చాలా ఫైబర్, మొబైల్ కనెక్షన్లలో కంపెనీలు ఒకే పబ్లిక్ చిరునామాను ఎంతోమందికి పంచుతాయి, రౌటర్ `WAN IP` 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే ఆ కనెక్షన్ అలాంటిదే. అక్కడ పోర్టు తెరిచినా పనిచేయదు, టెయిల్‌స్కేల్ మాత్రం పనిచేస్తుంది. క్లినిక్‌కు వాడుతున్నాం గనుక దాని వ్యాపార ప్లాను షరతులు చూసి తీసుకుందాం.

అకౌంట్ మీ ఈమెయిల్ మీదే తెరవాలి, రెండంచెల లాగిన్ మీ ఫోన్‌కే రావాలి. తన ఈమెయిల్ మీద తెరవమని ఎవరన్నా ఒప్పుకోకండి, నేను అడిగినా సరే. ఇన్‌స్టాల్ చేశాక గది కంప్యూటర్లో రెండు చోట్ల చేయి పెట్టాలి. ఒకటి, `Run unattended` ఎంచుకోవాలి. లేదంటే కంప్యూటర్ తిరిగి స్టార్ట్ అయ్యాక ఎవరూ లాగిన్ కాకపోతే దారి మూతపడి ఉంటుంది. రెండోది మరచిపోయేది. మామూలుగా 180 రోజులకు ఆ యంత్రం తాళంచెవి గడువు తీరిపోతుంది. ఆరు నెలలు బాగా నడిచి, ఒక రాత్రి కారణం లేకుండా ఆగిపోయిందని ఫోన్ వస్తే దాదాపు ఇదే. ఆ ఒక్క యంత్రానికి `Disable key expiry` పెడతాను.

ఆ పైన రిమోట్ డెస్క్‌టాప్‌ను ఆ ప్రైవేటు దారిలో వచ్చేవాళ్లకే పరిమితం చేస్తాను. అడ్మినిస్ట్రేటర్‌గా పవర్‌షెల్ తెరిచి ఈ ఒక్క వాక్యం:

```
Set-NetFirewallRule -DisplayGroup "Remote Desktop" -RemoteAddress 100.64.0.0/10
```

టెయిల్‌స్కేల్ చిరునామాలు ఆ పరిధిలోనే ఉంటాయి. ఇక పొరపాటున ఎవరైనా రౌటర్‌లో మళ్లీ పోర్టు తెరిచినా, బయటి నుంచి వచ్చే మామూలు చిరునామాలను కంప్యూటర్ పట్టించుకోదు. మీరు లాగిన్ అయ్యే విండోస్ అకౌంట్‌కు అడ్మిన్ హక్కులు ఉండకూడదు. ఇంట్లో పిల్లలు గేములాడే ల్యాప్‌టాప్ నుంచి కాకుండా, మీ సొంత ల్యాప్‌టాప్ నుంచే వెళ్లండి. రిమోట్ డెస్క్‌టాప్ కిటికీలో `Local Resources` కింద డ్రైవులు టిక్ చేసి ఉంటే తీసేయండి, ఇక్కడి ఫైళ్లు అక్కడికి పాకవు.

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌నే ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చేసి, డేటాను నెల్లూరు నుంచి నేరుగా తెరవొచ్చు కదా అని ఎవరైనా సలహా ఇస్తారు. వద్దు. షేర్ చేసిన ఫోల్డర్‌లోని ఫైలు మీద నడిచే పాత ప్రోగ్రాములైతే, సగం రాసేటప్పుడు లైన్ తెగితే ఇండెక్స్ పాడవుతుంది, మర్నాడు పొద్దున బిల్లులు తెరుచుకోవు. రిమోట్ డెస్క్‌టాప్‌లో లైన్ తెగినా పోయేది బొమ్మే, పని గదిలోనే జరుగుతూ ఉంటుంది.

కరెంటు సంగతి కూడా రాసుకోండి. మీ గది కంప్యూటర్ `Sleep`కు వెళ్లకుండా పెట్టాలి, బయాస్‌లో కరెంటు వచ్చాక తనంతట తాను ఆన్ అయ్యే అమరిక పెట్టాలి, రౌటర్‌కు కూడా చిన్న యూపీఎస్ కావాలి. లేకపోతే ఎంత మంచి దారి వేసినా అవతల లేచే యంత్రం ఉండదు.

ఆడిటరుకు లాగిన్ వద్దు. ఆయనకు కావలసింది అమ్మకాలు, కొనుగోళ్లు, జీఎస్టీ లెక్కలు. వాటిని నెలకోసారి ఎక్సెల్‌గా తీసి పంపండి, పేషెంట్ పేర్లున్న నిలువు వరుస తీసేసి. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ప్రకారం ఆ వివరాల బాధ్యత మీది. తగిన జాగ్రత్త లేక డేటా బయటపడితే జరిమానా 250 కోట్ల రూపాయల వరకూ ఉంటుందని చట్టం చెబుతోంది. దాన్ని అమలు చేసే నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, చాలా బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. నాతో కూడా కాగితం రాసుకోండి. ఏ యంత్రాల మీద నాకు ఏ హక్కులున్నాయో, పని అయ్యాక అవి ఎప్పుడు తీసేస్తారో అందులో ఉండాలి.

దారి బాగున్నా బ్యాకప్ లేకపోతే పూర్తి కానట్టే. 2022 నవంబరు 23న దిల్లీ ఎయిమ్స్‌లో సర్వర్లు రాన్సమ్‌వేర్‌కు చిక్కి, దాదాపు రెండు వారాలు ఓపీ, బిల్లింగ్ చేతిరాతతో నడిచాయి. ఎప్పుడూ తగిలించి ఉంచే హార్డ్‌డిస్కును కూడా రాన్సమ్‌వేర్ తాళం వేసేస్తుంది. కాబట్టి రెండు డిస్కులు తీసుకోండి. రాత్రి ఒకటి తగిలించి బ్యాకప్ అయ్యాక తీసి ఇంటికి పట్టుకెళ్లండి, మర్నాడు రెండోది. నెలకోసారి ఆ బ్యాకప్‌ను మీ గది కంప్యూటర్లో వేరే పేరుతో తెరిచి, నిన్నటి చివరి బిల్లు నంబరు కనిపిస్తోందా చూడండి.

(వారం తర్వాత అదే డాక్టరు గారి నుంచి:)

పోర్టు తీసేయించాం, లాక్ కావడం ఆగింది. 4624లో తెలియని చిరునామా ఏదీ లేదు. బిల్లింగ్ కంపెనీ సపోర్టు అబ్బాయి ఎనీడెస్క్ పెట్టి పాస్‌వర్డ్ ఇవ్వమంటున్నాడు, ఎప్పుడైనా వచ్చి సరిచేస్తానంటున్నాడు. ఇవ్వొచ్చా?

శాశ్వత పాస్‌వర్డ్ ఇవ్వకండి. అది ఆయన చేతిలోనే ఆగదు, సపోర్టు గ్రూపులో అందరికీ తిరుగుతుంది. అవసరమైనప్పుడు మీ అమ్మాయి ప్రోగ్రాం తెరిచి, అందులో కనిపించే నంబరు చెప్పి, స్క్రీన్ మీద `Accept` నొక్కాలి. పని అయ్యేదాకా పక్కనే కూర్చుని చూడాలి, అయ్యాక ప్రోగ్రాం మూసేయాలి. సెట్టింగ్స్‌లో `Unattended Access` ఆపి ఉందో లేదో ఈ రోజే చూడండి. ఉచిత ఎనీడెస్క్ సొంత వాడకానికే, లైసెన్సు ఆయన కంపెనీదై ఉండాలి.

నేను వచ్చి అమర్చాక మీరే ఒక పరీక్ష చేయండి. ఇంటి వైఫై ఆపి ఫోన్ హాట్‌స్పాట్ మీద ల్యాప్‌టాప్ పెట్టండి. టెయిల్‌స్కేల్ ఆపేసి, క్లినిక్ పబ్లిక్ చిరునామాకు రిమోట్ డెస్క్‌టాప్ ప్రయత్నించండి, కనెక్ట్ కాకూడదు. టెయిల్‌స్కేల్ ఆన్ చేసి గది కంప్యూటర్ పేరు కొట్టండి, మీ పాస్‌వర్డ్ అడగాలి. ఈ రెండూ అలాగే జరిగితేనే నాకు డబ్బులివ్వండి.